సి డ్రైవులో కొరత

ట్యాలీ బాబాయికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా వాడుకలో లేదు. పంపుసెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు స్టోర్‌కీపరుగా చేశాడాయన. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క వాషరు కూడా కొరత రాలేదని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఒకసారి చెబితే వింటాం, రెండుసార్లు చెబితే తలూపుతాం. నాకు మాత్రం లెక్కలేనన్ని సార్లు చెప్పాడు, ఎందుకంటే మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది, ఆయన ఇంటి నుంచి కొట్టుకి నూట పది అడుగులు. అది కూడా ఆయనే కొలిచి చెప్పాడు.

రిటైరయ్యాక ఆయనకు స్టోరు లేకుండా పోయింది. ఇంట్లో ఉన్న సామాను మొత్తం ఒక్క వారంలో లెక్క తేలిపోయింది. గరిటెలు పధ్నాలుగు, దుప్పట్లు తొమ్మిది, అందులో చిరిగినవి రెండు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక పిన్ని వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూస్తున్నాడని తెలిసి, వాళ్ల అమ్మాయి తనుండే ఊరి నుంచి ఒక పాత కంప్యూటరు పంపింది. నూట ఇరవై జీబీ డిస్కు, ఉన్నది ఒక్క సి డ్రైవే. బాబాయికి మళ్లీ స్టోరు దొరికింది.

రోజూ సాయంత్రం ఐదింటికి కళ్లజోడు తుడుచుకుని కూర్చునేవాడు. డాక్యుమెంట్లు, ఫొటోలు, వీడియోలు, ప్రోగ్రాములు, ఒక్కొక్క ఫోల్డరు మీద రైట్ క్లిక్ కొట్టి ఎంత ఉందో చూసి, నీలం అట్ట రిజిస్టరులో రాసి, కూడి, డ్రైవు చూపించే మొత్తంతో పోల్చేవాడు. రెండూ ఎప్పుడూ కలవవు. మొదటి రోజే తేడా వస్తే, "ప్రారంభ తేడా" అని ఎర్ర ఇంకుతో రాసి సంతకం పెట్టాడు. అక్కడితో ఆగితే గొడవే లేదు. ఆ తేడా పెరగడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి నాలుగు జీబీ, ఆర్నెల్లకి పదకొండు. ఏ ఫోల్డరులోనూ కొత్త సరుకు లేదు, స్టోరు మాత్రం నిండిపోతోంది.

"ఎవడో తింటున్నాడ్రా," అనేవాడు నా కొట్టు ముందు నిలబడి.

"కంప్యూటరు అన్నాక కొంచెం అటూ ఇటూ అవుతుంది బాబాయ్."

"అటూ ఇటూ అవడానికి అది స్టోరా, సంతా?"

నాకప్పుడు చేతిలో పని ఉంది. వచ్చి చూస్తాలే అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు, వెళ్లడం అంత అలవాటు లేదు. వెళ్లుంటే ఈ కథ ఉండేది కాదు. ఆ తప్పు నా ఖాతాలోనే రాసుకుంటున్నాను.

పిన్ని సంగతి చెప్పాలి. మూడేళ్ల కిందట ఆవిడకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కసరత్తులు చేయించే డాక్టరమ్మ, రోజూ చెయ్యి టేబులు మీద పెట్టించి వీడియో తీయమంది, మార్పు తెలుస్తుందని. పధ్నాలుగు నెలల్లో, కుదిరినప్పుడల్లా తీశారు. ఫోను పట్టుకున్నది బాబాయే. ఆకుపచ్చ ప్లాస్టిక్ షీటు పరిచిన టేబులు, దాని మీద ఒక చెయ్యి, రెండు మూడు నిమిషాలు. మొదట్లో ఏమీ కదలదు. చివరికి ఆ చెయ్యే సూదిలో దారం ఎక్కించింది. అవన్నీ "చెయ్యి" అనే ఫోల్డరులో ఉండేవి, రెండువందల ఎనభై ఎనిమిది వీడియోలు, తొమ్మిది జీబీ. మధ్యాహ్నం బాబాయి కునుకు తీసే వేళ పిన్ని కంప్యూటరు ముందు కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అవి చూసుకునేది. ఒకసారి నేను కేబులు ఇవ్వడానికి వెళ్తే గబుక్కున కట్టేసింది. కొత్త పెళ్లికూతురిలా ఆ కంగారేంటో నాకప్పుడు అర్థం కాలేదు.

డ్రైవు ఎంత నిండిందో చూపే గీత ఎర్రబడిన రోజు బాబాయి ఒంటికాలి మీద లేచాడు. మిగిలింది ఒక జీబీ చిల్లర. రిజిస్టరు ముందేసుకుని, ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటీ విచారించి, తీర్పు చెప్పాడు.

"ఇదుగో, దొంగ దొరికాడు. ఒకే ఐటెమ్‌ని రెండువందల ఎనభై ఎనిమిది సార్లు ఎంట్రీ చేశాం. అదే చెయ్యి, అదే టేబులు. ఆఖరుది ఒక్కటి ఉంచితే చాలు. సూది వీడియో. అందులో చెయ్యి పూర్తిగా బాగైంది కదా, పాతవి ఎందుకు?"

"అవి తప్ప ఏదైనా తీసేయండి," అంది పిన్ని.

"ఎందుకో కారణం చెప్పు."

కారణం చెప్పలేదావిడ. కారణం లేని ఇండెంటు చీటీకి ఆయన ఎప్పుడూ సరుకు ఇచ్చినవాడు కాదు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు రెండువందల ఎనభై ఏడు వీడియోలను షిఫ్ట్ పట్టుకుని మరీ డిలీట్ కొట్టాడు, చెత్తబుట్టలో పడి మళ్లీ చోటు తినకుండా. ఆ కిటుకు నేర్పింది కూడా నేనే. తీసేసే ముందు ఆ ఫోల్డరుని పెద్ద బొమ్మలుగా పెట్టి, పై నుంచి కింది దాకా జరుపుతూ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు. లెక్కపెట్టకుండా ఆయన చెత్త కూడా పారేయడు.

పిన్ని అరవలేదు, ఏడవలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి అవసరానికి మాట్లాడింది. బాబాయి దాన్ని సర్దుకోవడం అనుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్నే నా కొట్టు తాళం తీయకముందే వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"తొమ్మిది ఖాళీ చేస్తే మళ్లీ రెండుకొచ్చిందిరా. ఎనిమిది జీబీ మాయం. పక్కింటివాడు మన వైఫైలోంచి దూరి తినేస్తున్నాడు, అంతే."

పక్కింటివాడు నిచ్చెన అడిగితే లేదన్న మనిషి ఈయన. నిచ్చెన గోడకి ఆనించే ఉంది, వాడు దాన్ని చూస్తూనే అడిగాడు. అందుకని వాడి మీద అనుమానం సహజమే. ఈసారి తప్పించుకోలేక వెళ్లాను.

దాచిన ఫోల్డర్లు కనపడేలా సెట్టింగు మార్చాను. బాబాయి అదిరిపడ్డాడు.

"ఇవెక్కడివి? నా స్టోరులో నాకు తెలీని గదులా?"

"ఉంటాయి బాబాయ్. ఇదుగో ఈ ఒక్క ఫైలు చూడు, పధ్నాలుగు జీబీ."

నోరు వెళ్లబెట్టాడు. అది విండోస్ వెతుకులాట కోసం రాసుకునే సూచిక అని చెప్పాను. ఏ మాట ఏ ఫైలులో ఉందో ముందే రాసి పెట్టుకుంటుంది, అడగ్గానే చెప్పడానికి. మామూలుగా కొన్ని ఫోల్డర్లకే రాస్తుంది, ఇంత లావు అవదు. సెట్టింగులు తెరిచి చూస్తే, మొత్తం కంప్యూటరు అంతా రాయమని ఎవరో చెప్పారు. అంతటితో ఆగకుండా, రకరకాల ఫైళ్లు పేరుపేరునా ఎంచి, లోపలున్న ప్రతి మాటా రాయమన్నారు. ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ల స్టాకు లిస్టులన్నీ ఎవరో టైపు చేసి పెట్టుకున్నారు కూడా, ప్రతి నట్టూ ప్రతి బోల్టూ.

"ఎవరో అంటావేంట్రా, నేనే. తేడా ఎక్కడుందో వెతకాలంటే అన్నీ నమోదవ్వాలా వద్దా?"

"నమోదయ్యాయిగా. ఆ నమోదే తేడా."

"పోనీ, నేను ఫైళ్లు తీసేశాను కదా. అది కూడా తగ్గాలిగా?"

"రిజిస్టరులో పద్దు కొట్టేస్తే రిజిస్టరు సన్నబడుతుందా బాబాయ్? కొట్టేసిన చోట మళ్లీ రాసుకుంటుంది కానీ, అట్టకీ అట్టకీ మధ్య లావు అంతే ఉంటుంది."

ఆయన తన నీలం రిజిస్టరు వైపు చూసుకున్నాడు. ఈ మాట మాత్రం వెంటనే ఎక్కింది.

తర్వాత అప్‌డేట్ల పేజీ తెరిచాను. విండోస్ తన అప్‌డేట్ ముక్కలను మైక్రోసాఫ్టు నుంచే కాక, ఇతరుల కంప్యూటర్ల నుంచి కూడా తెచ్చుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ల వరకే అని పెట్టుకోవచ్చు, ఇంటర్నెట్‌లో ఎవరి దగ్గర నుంచైనా అని కూడా పెట్టుకోవచ్చు. ఇక్కడ రెండోది పెట్టి ఉంది.

"అవును, నేనే పెట్టాను," అన్నాడు కొంచెం గర్వంగా. "ఊరికే ఇస్తామంటే తీసుకోకుండా ఉంటానా?"

"తీసుకోవడమే కాదు బాబాయ్, ఇవ్వడం కూడా ఉంటుంది. తెచ్చుకున్న ముక్కలు కొన్నాళ్లు ఇక్కడే దాచి, అడిగినవాళ్లకి పంపుతుంది. నీ సొంత ఫైళ్లు కాదులే, అప్‌డేట్లే. దాచింది ఆరు జీబీ ఉంది. కొన్ని రోజులకు అదే పోతుంది కానీ, అప్‌డేటు వచ్చినప్పుడల్లా మళ్లీ చేరుతుంది. ఇదుగో, ఈ నెలలో ఇంటర్నెట్‌లో వేరేవాళ్లకి నువ్వు పంపింది ఎనిమిది జీబీ."

"నేనా? ఎవరికి?"

"ఎవరికో మరి. ముక్కూమొహం తెలీనివాళ్లకి."

పిల్లికి బిచ్చం పెట్టని మనిషి ఊరూరా దానం చేస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం జేబు కొట్టించుకున్నవాడిలా కుర్చీలో కూలబడ్డాడు.

ఇక బొమ్మల నిలవ. ఫోల్డరు తెరిచినప్పుడు ఫొటోలు చిన్న చిన్న బొమ్మలుగా కనపడతాయి కదా, వాటిని ప్రతిసారీ కొత్తగా గీయకుండా విండోస్ ఒక పక్కన దాచుకుంటుంది. చిన్న సైజువి ఒక ఫైలులో, పెద్దవి ఇంకో ఫైలులో, ఇంకా పెద్దవి వేరే ఫైలులో. బాబాయి ప్రతి ఫోల్డరునీ అన్ని సైజుల్లోనూ తిప్పి తిప్పి తనిఖీ చేశాడు. ఇంటికొచ్చిన ప్రతి పెన్‌డ్రైవునీ గుచ్చి చూశాడు. పెన్‌డ్రైవులు వెళ్లిపోయాయి, బొమ్మలు ఉండిపోయాయి. అదొక జీబీ పైనే.

"అంటే..." అన్నాడు బాబాయి, ఆగి ఆగి. "దొంగతనం జరుగుతోందని నేను తనిఖీ చేస్తుంటే..."

"ఆ తనిఖీయే తింటోంది. నువ్వు ఎంత చూస్తే అంత పెరిగింది."

డిస్కు శుభ్రం చేసే పెట్టె తెరిచాను. అలవాటైన చేతులు, వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాయి. అప్‌డేట్ల నిలవ, టిక్కు. తాత్కాలిక ఫైళ్లు, టిక్కు. థంబ్‌నెయిల్స్, అంటే ఆ బొమ్మల నిలవ, టిక్కు. ఓకే మీదికి బాణం తీసుకెళ్లాను. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి పిన్ని గొంతు వినపడింది.

"ఇరవై జీబీ ఉత్త చెత్తేనా బాబూ?"

"ఇరవై పైనే పిన్నీ. పావుగంట పని."

"అయితే నావి తొమ్మిది తీయక్కర్లేదన్నమాట."

 బాబాయి రిజిస్టరులో ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాడు.

"వాటిని వెనక్కి తేగలవా?" అంది.

నా చెయ్యి మౌసు మీద నుంచి దానంతటదే వచ్చేసింది. అసలు జరిగిందేంటని అడిగితే అప్పుడు చెప్పారు నాకు, షిఫ్టుతో సహా. శుభ్రం చేసే పని ఆపేసి, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామును నా పెన్‌డ్రైవులోంచి నడిపాను. గంటన్నర తిరిగింది. పేర్లు చాలా దొరికాయి. చెయ్యి ఒకటి, చెయ్యి రెండు, చెయ్యి మూడు. తెరిస్తే లోపల అన్నీ సున్నాలు. పాత రకం డిస్కైతే ఆశ ఉండేది. ఈ కొత్త రకం డిస్కులో చెరిపేసిన చోటును విండోస్ వెంటనే ఖాళీ అని చెప్పేస్తుంది, డిస్కు తుడిచేసుకుంటుంది. పైగా పదకొండు రోజులు. ఇక నా వల్ల కాదని చేతులెత్తేశాను. ఆ మాట ఆవిడ మొహం చూసి చెప్పలేక కీబోర్డుకి చెప్పాను.

అప్పుడు గుర్తొచ్చింది. అసలు వీడియో పోయినా దాని బొమ్మ నిలవలోంచి వెంటనే పోదు. డిస్కు నిండినప్పుడు విండోస్ తనే వాటిని ఊడ్చేస్తుంటుంది ఒక్కోసారి, ఎందుకో ఇక్కడ ఊడ్వలేదు. ముందు థంబ్‌నెయిల్స్ పక్కన టిక్కు తీసేశాను. ఇందాక పిన్ని నోరు విప్పడం ఒక్క క్షణం ఆలస్యమైతే అవి కూడా నా చేత్తోనే పోయేవి. ఆ నిలవ ఫైళ్లు కాపీ చేసుకుని, వాటిని విప్పే చిన్న ప్రోగ్రాముతో తెరిచాను. వేల బొమ్మలు వచ్చాయి. దేనికీ పేరు లేదు, పేరు ఉండాల్సిన చోట పొడుగాటి అంకెలూ అక్షరాలూ.

"ఆకుపచ్చ షీటు ఉన్నవి ఏరదాం పిన్నీ," అన్నాను.

ముగ్గురం కూర్చున్నాం. ఎవరెవరి పెన్‌డ్రైవుల్లోని పెళ్లిళ్లో, పిల్లలో, కుక్కలో దాటుకుంటూ, ఆకుపచ్చ కనపడగానే పిన్ని "అది" అనేది, నేను పక్కకి తీసేవాడిని. బాబాయి గీతలు గీస్తూ లెక్క రాసేవాడు. భోజనం వేళ దాటిపోయింది. ఒక్కోటి బొటనవేలి గోరుకి రెండింతలుంటుందేమో, పెద్దది చేస్తే మసక. ఆఖరి బొమ్మ పక్కకి లాగాక బాబాయి గీతలు కూడాడు, మళ్లీ కూడాడు. నేనైతే అలా దొరుకుతాయని కలలో కూడా అనుకోలేదు. తీసేసే ముందు ఆయన ప్రతి ఒక్కటీ కళ్లతో చూసి లెక్కపెట్టాడు కదా, అందుకే అన్నీ నిలవలో చేరాయి.

"సూదిది కాక రెండువందల ఎనభై ఏడు!" అని కుర్చీలోంచి లేచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ట్యాలీ అయ్యిందే! ఒక్కటి కూడా పోలేదు. చూడు, అన్నీ ఉన్నాయి."

పిన్ని తెర వైపే చూస్తోంది. రెండువందల ఎనభై ఏడు బొమ్మల్లోనూ ఒక చెయ్యి టేబులు మీద పడుకుని ఉంది. ఒక్కో వీడియోకి ఒక్క బొమ్మే కదా, అన్నీ వీడియో మొదలయ్యేటప్పటివి, ఇంకా ఏమీ కదలకముందువి. బాబాయి ఆ రోజు అన్న మాట ఇప్పుడు నిజమైంది. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"మాట రాదా బాబూ వీటికి?" అంది.

"రాదు పిన్నీ. ఉత్త బొమ్మలే. చెయ్యి అయినా కనపడుతోంది కదా అని..."

"చెయ్యి నా దగ్గరే ఉందిగా." కుడి చెయ్యి ఎత్తి చూపించింది. "చెయ్యి కోసం దాచుకున్నాననుకున్నారా ఇద్దరూ?"

బాబాయికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఫోను పట్టుకుని ఈయన మాట్లాడేవారు. రోజూ. 'ఒకటి... రెండు... తొందరేం లేదు, నేనున్నాగా' అనేవారు. నలభై ఒకటో రోజు చిటికెనవేలు కదిలితే 'కదిలింది, కదిలింది' అని అరిచి, ఏడ్చి, ఫోను కింద పడేశారు. ఆ తర్వాత అంతా ఇంటి కప్పే కనపడుతుంది, మాటలు మాత్రం వినపడతాయి. నలభై ఏళ్ల కాపురంలో ఈయన నాతో అంత మెత్తగా మాట్లాడింది ఆ పధ్నాలుగు నెలలే. చెయ్యి బాగయ్యాక మళ్లీ మామూలే." చీర కొంగుతో మౌసు తుడిచి పక్కన పెట్టింది. "కారణం చెప్పమన్నారు. ఇది ఎలా చెప్పను?"

"సూది వీడియో ఉందిగా," అన్నాడు బాబాయి.  "అది ఉంచాను. అందులో ఉంటుంది. పెట్టరా."

పెట్టాను. ఆ రోజు ఫోను పట్టుకున్నది ఆయన కాదు, పిన్నే గ్లాసుకి ఆనించి పెట్టుకుంది. వేళ్లు సూది పట్టుకున్నాయి, దారం రెండుసార్లు తప్పింది, మూడోసారి ఎక్కింది. గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. వీడియో అయిపోయే ముందు పక్క గదిలోంచి బాబాయి గొంతు వచ్చింది, కాస్త దూరంగా, స్పష్టంగా.

"బీరువా తాళం ఎక్కడ తగలేశావ్? తీసిన చోట పెట్టడం ఈ జన్మకి నేర్చుకోవా?"

అంతే. అక్కడితో అయిపోయింది.

 బాబాయి నా వైపు వంగి, ఆవిడకు వినపడకూడదన్నట్టు అడిగాడు. "దాచిన ఫోల్డర్లలో... మాటలు దాచేది ఏదైనా ఉంటుందేమో చూశావా?"

"లేదు బాబాయ్. అలాంటిది లేదు."

ఆయన నీలం రిజిస్టరు తెరిచాడు. ఫ్యాక్టరీ రిజిస్టర్లలో ముప్పై ఒక్క ఏళ్లూ, ఇందులో ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న గడి ఒకటుంది, కొరత అని. ఎర్ర ఇంకు పెన్ను తీసి అందులో చాలాసేపు రాశాడు.  నేను తల తిప్పుకున్నాను. ఇలాంటి వాటిని చూసి ఎగతాళి చేసే నోరే నాది, ఆ పూట రాలేదు.

"ఏం రాశారు?" అంది పిన్ని.

రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ దాన్ని మళ్లీ ఆయన వైపు తోసింది.

"కళ్లజోడు లేదు నాకు. మీరే పైకి చదవండి."

కళ్లజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. ఆయనా చూశాడు. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. "వీడియోలు రెండువందల ఎనభై ఏడు. కొరత. కారణం, తనిఖీ చేసినవాడి తొందరపాటు. బాధ్యుడు..." అక్కడ ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఈసారి ఇంకా మెల్లగా, ఒక్కో మాటా లెక్కపెట్టినట్టు.

పిన్ని కుడి చెయ్యి టేబులు మీద ఆకుపచ్చ షీటు మీద ఉంది. దాని పక్కన గ్లాసుకి ఆనించి ఆవిడ ఫోను ఉంది, తెర మీద రికార్డింగు ఎర్ర చుక్క వెలుగుతోంది. బాబాయి దాన్ని చూసి కూడా చదవడం ఆపలేదు. ఆ ఫైలు ఎన్ని ఎంబీలు వస్తుందని ఆయన ఇప్పటిదాకా నన్ను అడగలేదు.